కొత్త తేదీ చేతికి వచ్చాకే పాత తేదీని వదలండి

ప్రశ్న: మాది విజయనగరం. అన్నయ్య మర్చంట్ నేవీలో పనిచేస్తాడు. పెళ్ళి శ్రీకాకుళంలో ఆడపెళ్ళివారింట్లో, రిసెప్షన్ మా ఊళ్ళో నవంబరు 22 ఆదివారం అనుకున్నాం. నాన్నగారు జూన్‌లోనే ఫంక్షన్ హాలు బుక్ చేశారు. అద్దె లక్షన్నర. రసీదు మీద ‘అడ్వాన్సు 60,000’ అని ఉంది. అందులో పది వేలు డిపాజిట్ అని మేనేజరు నోటిమాటగా చెప్పారట. రసీదు అడుగున ‘బుకింగ్ రద్దు చేసుకున్నచో అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు’ అని అచ్చు వేసి ఉంది. ఇప్పుడు అన్నయ్య షిప్పు దిగడం నవంబరు 28కి వెళ్ళింది. పంతులుగారు డిసెంబరు 11 రాత్రికి ముహూర్తం పెట్టారు. రిసెప్షన్ 13 ఆదివారానికి మార్చాలి. ‘మేనేజరు తెలిసినవాడే, ఫోన్లో చెప్తే చాలు’ అంటారు నాన్నగారు. నాకు ధైర్యం చాలడం లేదు. పోనీ రాసి పంపుదామంటే, ఆ రాతనే రద్దు కింద తీసుకుని డబ్బు ఇవ్వనంటారేమోనని ఇంకో భయం. వారం రోజులుగా మెసేజ్ రాస్తున్నాను, చెరిపేస్తున్నాను. ఏడు వారాలే ఉంది. ఏం రాయాలి, ఎలా అడగాలి?
— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు:

మీ రెండో భయం అనవసరమైనది కాదు. తేదీ మార్చమని పంపిన మెసేజ్ రద్దు కింద జమకట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. అయితే అలా జరిగిన ప్రతిసారీ కారణం ఒకటే. పంపినవాళ్ళు వాక్యాలను తలకిందుల వరసలో రాశారు. మీరు వరస సరిగ్గా పెడితే ఆ భయం తీరుతుంది.

నేను కొన్నేళ్ళు ఒక కల్యాణ మండపం ఆఫీసులో లెక్కలు రాశాను. మేనేజరు ముందు ఒక లావుపాటి డైరీ ఉండేది, తేదీకో పేజీ. ఎవరైనా ఫోను చేసి ‘22 మాకు కుదరదండీ, 13కి మార్చండి’ అనగానే ఆయన ముందు 22వ తేదీ పేజీ తీసి పేరు కొట్టేసేవాడు. ఎందుకంటే ఆ తేదీ కోసం ఇంకెవరో అడిగి వెళ్ళి ఉంటారు, వాళ్ళకు వెంటనే చెప్పాలి. 13 సంగతి మాత్రం ‘ఓనరు గారిని అడిగి చెప్తానండీ’ అనేవాడు. ఆయనలో మోసం లేదు. కానీ ఆ రెండు మాటల మధ్య ఒక రోజో రెండు రోజులో ఆ కుటుంబానికి పాత తేదీ లేదు, కొత్త తేదీ లేదు, డబ్బు మాత్రం హాలు దగ్గర ఉంది. గొడవలన్నీ పుట్టింది ఆ రెండు రోజుల్లోనే. మీ నాన్నగారు ఫోన్లో చెప్తే సరిగ్గా ఇదే జరగవచ్చు, అవతలి మనిషి ఎంత తెలిసినవాడైనా సరే.

కాబట్టి ముందు 13 ఉందా అని అడగాలి. ఉంటే ఎన్ని గంటలకు ఇస్తారో, డబ్బు సంగతేమిటో తేల్చుకోవాలి. అవన్నీ రాతలో వచ్చాకే 22ని వదిలిపెట్టాలి. అంతదాకా 22 మీదే. ఈ మాట మెసేజ్‌లో ఒక వాక్యంగా ఉండి తీరాలి.

రాసేముందు ఆ అరవై వేలను విడదీయాలి. మీ రసీదులో అసలు చిక్కు అక్కడే ఉంది. అడ్వాన్సు అంటే అద్దెలో ముందుగా కట్టిన భాగం. డిపాజిట్ అంటే కుర్చీలు విరిగితే, అద్దాలు పగిలితే, కరెంటు మీటరు అనుకున్నదానికంటే ఎక్కువ తిరిగితే పట్టుకోవడానికి హాలువాళ్ళు దగ్గర ఉంచుకునే సొమ్ము. అద్దెతో దానికి సంబంధం లేదు. మీరు ఇంకా హాల్లో అడుగే పెట్టలేదు కనుక అందులోంచి పట్టుకోవడానికి ఏమీ లేదు. కానీ రసీదు మీద మొత్తం ‘అడ్వాన్సు’ అనే ఒక్క మాటే ఉంది. రేపు మాట తేడా వస్తే ‘అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు’ అన్న అచ్చు వాక్యం ఆ పది వేలను కూడా మింగేస్తుంది. అందుకని మీ మెసేజ్‌లో 50,000 అడ్వాన్సు, 10,000 డిపాజిట్ అని వేరువేరుగా రాయండి. ఆయన దానికి అడ్డు చెప్పకుండా జవాబిస్తే, ఇన్నాళ్ళూ నోటిమాటగా ఉన్నది రాతలోకి వచ్చినట్టే.

ఇదీ మెసేజ్. పేర్లు మార్చుకుని యథాతథంగా పంపవచ్చు.

“మేనేజరు గారికి నమస్కారం. నేను ఫలానా గారి రెండో అబ్బాయిని. మా అన్నయ్య రిసెప్షన్ కోసం నవంబరు 22 ఆదివారానికి మీ హాలు నాన్నగారి పేరున బుక్ అయి ఉంది. రసీదు ఫొటో కింద పెడుతున్నాను. 50,000 అడ్వాన్సు, 10,000 డిపాజిట్, మొత్తం 60,000 కట్టాం.

అన్నయ్య షిప్పు దిగడం ఆలస్యమై పెళ్ళి డిసెంబరు 11కి మారింది. అందుకని రిసెప్షన్ డిసెంబరు 13 ఆదివారానికి మార్చుకోవాలనుకుంటున్నాం. ఆ రోజు హాలు ఖాళీ ఉందా? ఉంటే ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు ఇస్తారు? వంటశాల, డైనింగ్ హాలు, గదులు కూడా అదే టైము నుంచి దొరుకుతాయా? 13 కుదరకపోతే 12 శనివారం, 14 సోమవారం ఎలా ఉన్నాయో చెప్పగలరు.

మేము కట్టిన అడ్వాన్సు, డిపాజిట్ రెండూ కొత్త తేదీకి అలాగే జమ అవుతాయా? అద్దెలో తేడా గానీ, తేదీ మార్చినందుకు ఛార్జీ గానీ ఉంటే ఎంతో తెలియజేయండి.

మేము బుకింగ్ రద్దు చేసుకోవడం లేదండీ, తేదీ మార్పు గురించి అడుగుతున్నాం. కొత్త తేదీ మీరు ఖాయం చేసేదాకా నవంబరు 22 మా పేరునే ఉంచండి. బుధవారం సాయంత్రంలోగా ఈ నంబరుకే మెసేజ్ పెడితే ఇంట్లో పెద్దలకు చూపించి వెంటనే మీకు ఖాయం చేస్తాం.”

కారణానికి ఒక్క వాక్యం చాలు. షిప్పు ఏ రేవులో ఆగింది, అన్నయ్య బదులు ఎక్కాల్సిన మనిషి ఎందుకు రాలేదు, అమ్మ ఎంత బెంగపడుతోంది, ఇవేవీ అందులో పెట్టకండి. మెసేజ్ పొడుగయ్యేకొద్దీ ఆయన ప్రశ్నలను దాటేసి ‘సరే అండి చూద్దాం’ అని జవాబిస్తాడు. ‘22 మాకు ఇక అక్కర్లేదు’, ‘కుదరకపోతే మీ ఇష్టం’ లాంటి మాటలు మర్యాద కోసం కూడా రాయవద్దు. వాయిస్ మెసేజ్ వద్దు. వాట్సాప్‌లో మెసేజ్‌లు కొన్నాళ్ళకు వాటంతట అవే మాయమయ్యే సెట్టింగు ఉంటుంది, ఆ చాట్‌లో అది ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి. నీలం టిక్కులు పడితే ఆయన చదివినట్టే గానీ ఒప్పుకున్నట్టు కాదు.

గంటల సంగతి అంత పట్టుబట్టి ఎందుకు అడగమన్నానో చెప్తాను. మా మేనకోడలి రిసెప్షన్ తేదీ మార్చినప్పుడు, ‘ఆ రోజు హాలు ఖాళీయేనండీ’ అన్న ఒక్క మాట మీద మేం సంతోషపడిపోయాం. తీరా వెళ్ళేసరికి పొద్దుట అక్కడ వేరేవాళ్ళ పెళ్ళి. మధ్యాహ్నం మూడు దాటినా వాళ్ళ గిన్నెలు వంటశాలలోనే ఉన్నాయి. ఐదు వందల మందికి వంట హాలు వెనక ఖాళీ స్థలంలో, టార్పాలిన్ కింద వండుకున్నాం. హాలువాళ్ళు అబద్ధం చెప్పలేదు, సాయంత్రానికి ఖాళీయే. మేం ముందు బుక్ చేసిన తేదీకి మాత్రం రోజంతా మాదే. మీ పాత బుకింగ్ ఇరవై నాలుగు గంటలకైతే కొత్తదీ అంతే ఉండాలి. కాకపోతే అద్దె తగ్గాలి. డిసెంబరు 13 విషయంలో ఇది మరీ ముఖ్యం. 16 ప్రాంతంలో ధనుర్మాసం పట్టేస్తుంది కాబట్టి దానికి ముందున్న నాలుగైదు రోజుల్లోకే పెళ్ళిళ్ళన్నీ దూరతాయి. హాలువాళ్ళు ఒకే రోజుకి పొద్దుట ఒకరిని, సాయంత్రం ఒకరిని ఒప్పుకునే రోజులవి.

ఇక ఆయన ఏమనవచ్చో చూద్దాం.

‘13 ఉంది, కానీ సీజన్ రేటు 1,65,000, పైగా తేదీ మార్చినందుకు 10,000’ అనవచ్చు. మీకు కోపం వస్తుంది, రావడం సహజం. అయినా లెక్క వేసి చూడండి. మొత్తం 1,75,000 అవుతుంది, అందులో 50,000 కట్టేశారు, ఇంకా కట్టాల్సింది 1,25,000. డిపాజిట్ పది వేలు వేరే, అది తిరిగి వస్తుంది. పాత తేదీకైతే కట్టాల్సింది లక్ష. అంటే మార్పు వల్ల పడే బరువు పాతిక వేలు. పంతానికి పోయి లక్షన్నర అద్దెకే ఇంకో హాలు తీసుకుంటే, ఇక్కడ 50,000 వదులుకున్నాక మీకు పడేది రెండు లక్షలు. కాబట్టి ఇక్కడే ఉండి ఆ పది వేల మీద బేరం చేయడం తెలివైన పని. బేరానికి మంచి మాట ఒకటుంది: ‘22వ తేదీ మీరు వేరేవాళ్ళకి ఇవ్వగలిగితే మార్పు ఛార్జీ తీసేయండి, ఇవ్వలేకపోతే కట్టేస్తాం.’ వినేవాళ్ళకి అందులో న్యాయం కనపడుతుంది. రేటు తేడా పదిహేను వేల మీద మాత్రం గట్టిగా అడ్డం పడకండి. ఆ రోజుకి కొత్తగా వచ్చేవాళ్ళెవరైనా అంతే కడుతున్నట్టయితే అది ఆ తేదీ ధర. నిజంగా అంతే తీసుకుంటున్నారా అన్నది ఇంకో చుట్టంచేత ఫోను చేయించి కనుక్కోవచ్చు.

‘13 లేదు, 14 సోమవారం ఇస్తాం’ అనవచ్చు. ముఖం చిన్నబుచ్చుకోకముందు సోమవారం రేటు అడగండి. ఆదివారం కంటే తగ్గే అవకాశం ఉంది. 1,30,000 అన్నారనుకుంటే ఇంక మీరు కట్టాల్సింది ఎనభై వేలే. నష్టం జనంలో ఉంటుంది. విజయనగరం ఊళ్ళోవాళ్ళు సాయంత్రం ఆఫీసులు అయ్యాక వచ్చేస్తారు. శ్రీకాకుళం నుంచి ఆడపెళ్ళివారు గంటన్నర పైగా ప్రయాణం చేసి వచ్చి, మర్నాడు పిల్లలకు బడి ఉందని భోజనం అవగానే లేస్తారు. పల్లెల నుంచి వచ్చేవాళ్ళకు సోమవారమైనా ఒకటే. అందుకని ఆడపెళ్ళివారికి ఒక మాట వేసి ఒప్పుకోండి, క్యాటరింగ్ వాళ్ళకు ప్లేట్లు కొంచెం తగ్గించి చెప్పండి. తెలియని హాల్లో ఆదివారం కంటే తెలిసిన హాల్లో సోమవారం నాకు మెరుగనిపిస్తుంది. రిసెప్షన్‌కి ముహూర్తంతో పని లేదు కదా, పెళ్ళికి లేని వెసులుబాటు దీనికి ఉంది.

అదే ఆలోచనను ఇంకాస్త ముందుకు తీసుకెళ్తే 20 ఆదివారం కూడా ఉంది. ధనుర్మాసంలో పెళ్ళిళ్ళు ఉండవు గనుక హాళ్ళు ఖాళీగా ఉంటాయి, మేనేజరే బతిమాలి తక్కువ రేటుకి ఇవ్వవచ్చు. మీ అన్నయ్య షిప్పు దిగాక కొన్ని వారాలైనా ఇంటి దగ్గరే ఉంటాడు కాబట్టి సెలవుల తొందరా ఉండదు. పదహారు రోజుల పండగ లోపే పడుతుంది. కొన్ని ఇళ్ళలో పెద్దవాళ్ళు ధనుర్మాసంలో వేడుకలేమిటంటారు, కొన్ని ఇళ్ళలో పట్టించుకోరు. ముఖ్యంగా పెళ్ళికూతురి తల్లిదండ్రులను అడగకుండా ఈ తేదీని మేనేజరు దగ్గర ఎత్తవద్దు.

మూడోది మీరు భయపడుతున్నది: ‘తేదీ మార్చడం మా దగ్గర లేదండీ, రద్దు కిందే లెక్క, కొత్త తేదీకి మళ్ళీ అడ్వాన్సు కట్టండి.’ ఇక్కడ మీ బలం ఎంతో, బలహీనత ఎంతో రెండూ తెలిసి ఉండాలి.

బలహీనత ముందు చెప్తాను. మీకు ఇంకో తేదీ ఇచ్చి తీరాలన్న బాధ్యత హాలుకి లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ ప్రకారం ఇద్దరూ ఒప్పుకుంటే పాత ఒప్పందం స్థానంలో కొత్తది వస్తుంది, ఒకరు ఒప్పుకోకపోతే పాతదే ఉంటుంది. షిప్పు ఆలస్యం మీ ఇంటి కష్టమే గానీ హాలు తప్పు కాదు. తుపాను వచ్చి హాలు వాడుకోవడానికే వీల్లేకుండా పోతే సంగతి వేరు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తీరం దాటినప్పటిలా అయితే ఒప్పందమే నెరవేరలేని స్థితి వస్తుంది, అప్పుడు కట్టిన డబ్బు తిరిగి అడిగే హక్కు ఆ చట్టంలోనే ఉంది. మీది ఆ కోవలోకి రాదు. మీరు అడుగుతున్నది ఒక సర్దుబాటు. అందుకే మొదటి మెసేజ్‌లో చట్టం పేరెత్తలేదు, ఎత్తకూడదు కూడా.

ఇక బలం. ‘తిరిగి ఇవ్వబడదు’ అని అచ్చు వేసినంత మాత్రాన మొత్తం వాళ్ళదైపోదు. అదే చట్టం 74వ సెక్షన్, ముందుగా రాసుకున్న మొత్తం ఎంతైనా, దానికి మించకుండా న్యాయమైన పరిహారం మాత్రమే ఇప్పిస్తుంది. 2015లో కైలాష్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు, నష్టమే జరగని చోట కట్టిన బయానాను ఉంచేసుకోవడం కుదరదని చెప్పింది. దీన్ని మీ సంగతికి అన్వయిస్తే అంతా ఒక్క ప్రశ్న దగ్గరికి వస్తుంది. నవంబరు 22 ఇంకొకరికి అద్దెకు వెళ్ళిందా లేదా? వెళ్తే హాలుకి నష్టం దాదాపు లేదు. వెళ్ళకపోతే ఉంది, కొంత పట్టుకోవడం న్యాయమే. పెళ్ళిళ్ళ సీజన్లో ఆదివారం, చేతిలో ఏడు వారాలు. ఆ తేదీ మళ్ళీ అమ్ముడుపోవడానికి ఇది మంచి అవకాశం. మూడు వారాల ముందు చెప్తే అంత ఉండదు. మీరు మెసేజ్ రాసి చెరిపేసిన ఆ వారం రోజులు కూడా ఈ లెక్కలోంచే పోయాయి, అందుకని ఇంక ఆగకండి.

కాబట్టి మూడో రకం జవాబు వస్తే ఇలా రాయండి:

“మీ ఇబ్బంది అర్థమైంది మేనేజరు గారూ. అలాగైతే ఒక మాట అనుకుందాం. నవంబరు 22ని మేము వదిలేస్తాం. ఆ తేదీ మీరు వేరేవాళ్ళకు ఇస్తే మా అడ్వాన్సు 50,000 మొత్తం వారంలోగా తిరిగి ఇవ్వండి. ఎవరూ తీసుకోకపోతే ఎంత పట్టుకుంటారో ఇప్పుడే చెప్పండి. డిపాజిట్ 10,000 మాత్రం హాలు వాడుకోలేదు కనుక ఎలాగైనా తిరిగి ఇవ్వాలి. దీనికి మీరు సరేనని మెసేజ్ పెట్టిన తర్వాతే 22 వదిలినట్టు లెక్క.”

దీనికి కూడా కాదంటే ఓనరు గారిని కలవండి. మేనేజరు చేతిలో లేనిది చాలాసార్లు ఓనరు చేతిలో ఉంటుంది, మీ నాన్నగారి పరిచయం పనికొచ్చేది అక్కడ. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు, రెండేళ్ళ వరకు గడువు ఉంది. కానీ యాభై వేల కోసం నెలల తరబడి తిరగడం మీ ఇంట్లో ఎవరికి కుదురుతుందో ముందు ఆలోచించుకోండి. పాతిక వేలు వదులుకుని రాజీ పడినవాళ్ళను నేను తప్పుపట్టను. ఆ 22న హాల్లో ఎవరి ఫంక్షన్ జరిగిందో మాత్రం ఆ రోజు అటు వెళ్ళి చూసి, గేటు దగ్గర కట్టిన పేర్ల బోర్డు ఫొటో తీసుకోండి. రేపు కమిషన్‌కి వెళ్ళినా, ఓనరుతో మాట్లాడినా అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు.

అన్నీ బాగా జరిగి 13 ఖాయమైందనుకుందాం. అప్పుడు కూడా ‘సరే’ అనే ముందు ఒక్క పూట ఆగి క్యాటరింగ్, డెకరేషన్, ఫొటోగ్రాఫరు ముగ్గురికీ ఫోను చేయండి. వీళ్ళకీ మీరు ఎంతో కొంత అడ్వాన్సు ఇచ్చే ఉంటారు. హాలు కుదిరి వంటవాళ్ళు కుదరకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. అన్నయ్యను కూడా సూటిగా అడగండి, 28 అనేది కంపెనీ రాతలో ఇచ్చిన తేదీయా, కెప్టెన్ నోటిమాటా అని. 28కీ 11కీ మధ్య పదమూడు రోజులున్నాయి, మామూలుగా అది చాలు. అయినా ‘ఇంకోసారి మార్చాల్సి వస్తే మీ పద్ధతి ఏమిటి’ అన్న ప్రశ్న ఇప్పుడే మేనేజరుకి వేసి జవాబు రాతలో ఉంచుకుంటే మంచిది. మొదటిసారి మార్చినప్పుడు ఉండే దయ రెండోసారి ఉండదు.

ఆపైన ఖాయం చేసే మెసేజ్ చిన్నది:

“మీరు చెప్పినట్టే ఒప్పుకుంటున్నాం. డిసెంబరు 13 ఆదివారం ఉదయం 6 నుంచి మర్నాడు ఉదయం 6 వరకు, అద్దె ఇంత, అడ్వాన్సు 50,000 ఇందులో జమ, డిపాజిట్ 10,000 విడిగా. నవంబరు 22 బుకింగ్ దీనికి బదులుగా వదులుతున్నాం. రసీదు మీద రాయించుకోవడానికి రేపు వస్తాను.”

‘బదులుగా’ అన్న మాట తీయకండి. వదలడం, దొరకడం రెండూ ఒకే వాక్యంలో ముడిపడి ఉండాలి. రసీదు దగ్గర ఇంకో జాగ్రత్త. పాత రసీదు తీసుకుని ‘కొత్తది తర్వాత ఇస్తాం’ అంటే ఇవ్వవద్దు. పాతదాని మీదే 22 కొట్టేసి పక్కన 13, కొత్త అద్దె, అడ్వాన్సు, డిపాజిట్ విడివిడిగా రాసి సంతకం, తేదీ వేయమనండి. కొత్త రసీదే ఇస్తానంటే దాని మీద పాత రసీదు నంబరు వేయించుకోండి. డైరీలో 13 పేజీ మీద నాన్నగారి పేరు ఎక్కడం మీ కళ్ళతో చూసి రండి, ‘చూపిస్తారా’ అని అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. ఫంక్షన్ రోజు తాళాలు తీసుకునేటప్పుడు కరెంటు మీటరు, జనరేటరు రీడింగు ఫొటో తీసుకోండి, ఆ పది వేలు తిరిగి రావడానికి అదే ఆధారం.

నాన్నగారితో వాదన పెట్టుకోవాల్సిన పని లేదు. ఆయన పద్ధతినీ మీ పద్ధతినీ కలపవచ్చు. బుకింగ్ ఆయన పేరున, ఆయన నంబరుతో ఉంది కాబట్టి ముందు ఆయనే ఫోను చేసి, ‘బాబూ, అబ్బాయి షిప్పు ఆలస్యమైంది, చిన్న మార్పు ఉంది, మా రెండోవాడు మెసేజ్ పెడతాడు, కాస్త చూడు’ అని అంతవరకే చెప్పాలి. తేదీల మాట ఎత్తకూడదు. ఐదు నిమిషాల్లో ఆయన ఫోను నుంచే ఈ మెసేజ్ వెళ్ళాలి. అలా చేస్తే ఆయన మాట నిలుస్తుంది, మీకు రాత మిగులుతుంది. ముహూర్తం ఉన్న రోజు సాయంత్రం మాత్రం పంపకండి. ఆ టైములో మేనేజరు డైనింగ్ హాలు దగ్గర బంతులు లెక్కపెడుతూ ఉంటాడు, ఏది అడిగినా ‘ఊఁ’ అంటాడు. ఫంక్షన్ లేని రోజు పొద్దున్న పది, పదకొండు మధ్య, డైరీ ఎదురుగా ఉన్నప్పుడు పంపండి.